గోలెంలో పుట్టిన దోమ: ఆడదే ఎందుకు కుడతాది

(ఆమదాలవలసలో గ్రంథాలయం హాల్లో ఒక సాయంత్రం జువాలజీ మాస్టారు ఒకాయన మాట్లాడింది, ఫోన్ రికార్డింగు విని టైపు చేశాం. మధ్యలో కరెంటు పోయినప్పటి మాటలు వదిలీశాం.)

అందరికీ నమస్కారమండి. వెనకాల కూర్చున్నోళ్లకి వినపడతందా? ఆ, సరే. ఈ టేబుల్ మీద సీసా ఉంది చూడండి, కంగారు పడకండి, మూతికి గుడ్డ కట్టే ఉంది, ఏదీ ఎగిరిరాదు. మా వీధిలో ఒకళ్ల పెరట్లో సిమెంటు గోలెం ఉంది, అందులోంచి తెచ్చిన నీళ్లివి. ఆ గోలెం ఏం మురికిది కాదండి, రోజూ అంట్లు తోముకోడానికి వాడతారు, నీళ్లు తేటగా ఉంటాయి. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, దోమలంటే మురుగు కాలవలోనే పుడతాయని మనందరికీ ఒక నమ్మకం. కాలవలో పుట్టీది క్యూలెక్స్, రాత్రిళ్లు చెవి దగ్గర గీపెడతాదే, అది. డెంగ్యూ తెచ్చే ఏడిస్ దోమ, కాళ్ల మీద తెల్ల చారలుంటాయి, పగలు కుడతాది, అది మన ఇంట్లో మన తేట నీళ్లలోనే పుడతాది. ఈవేళ నేను ఈ ఏడిస్ కథే చెప్తాను, మిగతావి ఎక్కడ తేడా వస్తే అక్కడ ఒక మాట అనుకుందాం.

గుడ్డు దగ్గర మొదలెడదాం. తల్లి దోమ నీళ్ల మీద గుడ్డు పెట్టదండి, ఇది చాలా మందికి తెలీదు. గోలెంలో నీటి మట్టం ఎక్కడుందో చూసి, దానికి కాస్త పైన తడిగా ఉన్న గోడ మీద వాలి ఒక్కొక్క గుడ్డూ విడివిడిగా అంటించీస్తాది. గుడ్డు మిల్లీమీటరు కూడా ఉండదు. పెట్టినప్పుడు తెల్లగా ఉంటాది, గంటా రెండు గంటల్లో నల్లబడిపోద్ది, సిమెంటు గోడ మీద నల్ల గుడ్డు ఇంక కంటికి ఆనదు, ధూళి అనుకుంటాం. ఒక కాన్పుకి వంద దాకా పెడతాది, అన్నీ ఒకే చోట పెట్టీదు, ఈ గోలెంలో కొన్ని, పక్కింటి పూల కుండీ కింద పళ్లెంలో కొన్ని, ఫ్రిజ్ వెనకాల నీళ్లు చేరే ట్రేలో కొన్ని, అలగ పంచీస్తాది. ఉద్దానం వైపయితే తోటల్లో కొబ్బరి చిప్పలుంటాయి కదా, వాన పడితే ప్రతి చిప్పా దానికి ఒక పురిటిగదే.

ఇప్పుడసలు సంగతి వినండి. రెండు రోజులకి ఆ గుడ్డులో పిల్ల తయారైపోద్ది, కానీ బయటికి రాదు. నీరు తగలాలి. నీళ్లు తగ్గిపోయి గోలెం ఎండిపోయినా ఆ గుడ్డు చావదు, నెలల తరబడి అలగే పొడిగా ఉండిపోగలదు, ఎండాకాలం అంతా ఉండి తొలకరికి లేస్తాది. వాన పడో, మనం బిందెతో పోసో నీరు దాని మీదకెక్కిందంటే కొన్ని నిమిషాల్లోనే పగిలిపోయేవి ఉంటాయి. అన్నీ ఒకేసారి పగలవు కూడా, కొన్ని మొదటి తడికి, కొన్ని రెండో తడికి, కొన్ని ఇంకా తరవాత. ఎందుకంటారా, మొదటి వానకి పుట్టినవన్నీ నీరెండి చచ్చిపోయినా వెనక కొన్ని మిగలాలి కదా.

అందుకని గోలెం వంపీసి, బోర్లించీసి, మళ్లీ నిలబెట్టి నీళ్లు పట్టీస్తే మనం చేసింది సగం పనే. లోపల ఉన్న పురుగులు పోయాయి, గోడకున్న గుడ్లు అలగే ఉన్నాయి, మళ్లీ నీళ్లు పట్టగానే అవి లేస్తాయి. కొబ్బరి పీచో, బ్రష్షో పెట్టి లోపలి గోడ గట్టిగా రుద్దాలి, ముఖ్యంగా ఆ నీటి గీత పడిన చోట. రుద్దిన నీళ్లు కూడా కాలవలో కాకుండా ఎండగా ఉన్న మట్టి మీద పారబోయాలి.

క్యూలెక్స్‌ది ఇలగ కాదు, అది రెండు మూడు వందల గుడ్లు నిలువుగా ఒకదానికొకటి అంటించి చిన్న తెప్పలాగ చేసి మురుగు నీటి మీద వదిలీస్తాది, ఆ తెప్ప ఎండితే చచ్చిపోద్ది. మలేరియా తెచ్చే అనాఫిలిస్ గుడ్డుకి రెండు పక్కలా గాలి బుడ్డీలుంటాయి, విడిగా నీటి మీద తేలతాది. ఎండినా చావని గుడ్డు పెట్టే తెలివితేట మటుకు వీటిల్లో ఏడిస్‌దే.

సరే, పిల్ల బయటికొచ్చింది. దాన్ని లార్వా అంటాం. బాబూ, ఆ ముందు వరసలోని అబ్బాయి, ఇలగ రా, ఫోన్ లైటు వెయ్యి సీసా మీద. ఏం కనపడతన్నాయి?

(అబ్బాయి: తల కిందకి పెట్టి వేలాడతన్నాయండి.)

ఆ, తల కిందకి, తోక పైకి. ఇప్పుడు సీసాని వేలితో చిన్నగా కొట్టు. చూశావా, ఒక్కసారి మెలికలు తిరిగీసి అడుక్కి పోయాయి. కాసేపుంటే మళ్లీ పైకొస్తాయి, రాకుండా ఉండలేవు. ఎందుకంటే తోక చివర ఒక గొట్టం ఉంటాది, ఆ గొట్టం మూతి నీటి పైకి పెట్టి గాలి పీలుస్తాది. నీళ్లలో ఉంటాది గానీ చేపలాగ నీళ్లలో ఊపిరి తియ్యడం దానికి సరిపోదు. పాతకాలంలో గుంటల్లో కిరసనాయిలు పోసేవారు కదా, అది విషమని పోసినది కాదు ముఖ్యంగా, నీటి మీద నూనె పొర పరుచుకుంటే గొట్టం మూతికి గాలి అందదు, ఊపిరాడక చచ్చిపోద్ది. తాగే నీళ్లలో పోయకండి మళ్లీ.

అనాఫిలిస్ లార్వాకి ఆ గొట్టం లేదు, అందుకని అది వేలాడదు, నీటి పైన అడ్డంగా పరుచుకుని పడుకుంటాది. సీతంపేట, కురుపాం కొండల వైపు వెళ్తే గెడ్డల పక్కన రాళ్ల మధ్యన తేట నీరు నెమ్మదిగా కదుల్తూ ఉంటాది చూడండి, అక్కడ అనాఫిలిస్ ఫ్లూవియాటిలిస్ అనే రకం పెరుగుతాది, మన ఏజెన్సీ మలేరియాలో దాని చెయ్యి పెద్దది. గిన్నెతో నీరు తీసి చూస్తే పురుగు ఎలగుందో, అంటే వేలాడతందా పడుకుందా, దాన్ని బట్టే ఏ జాతో సగం తెలిసిపోద్ది.

లార్వా పనల్లా తినడమే. నోటి దగ్గర కుచ్చుల్లాంటివి రెండుంటాయి, అవి ఆడిస్తూ నీటిని నోట్లోకి లాగి అందులో ఉన్న బ్యాక్టీరియా, పాచి, కుళ్లిన ఆకు తునకలు తింటాది. నాలుగు దశలు పెరుగుతాది, ఒక్కో దశకీ పాత చర్మం విడిచీస్తాది. మన వేడికి అయిదారు రోజుల్లో ఇదంతా అయిపోద్ది, చలికాలంలో, లేకపోతే తిండి చాలకపోతే రెండు వారాలైనా పట్టొచ్చు. ఈ తిండి మాట గుర్తెట్టుకోండి, పాచీ బ్యాక్టీరియా తిని పెరిగిన ఒళ్లు, పెద్ద నిల్వలుండవు. ఎందుకో తరవాత చెప్తాను.

తరవాత ప్యూపా. సీసాలో గుండ్రంగా తలా, వెనక చిన్న తోకా వంకర తిరిగి ఉన్నవి కనపడతన్నాయి కదా, అవే. దానికి నోరే లేదు, రెండు రోజులపాటు ఏమీ తినదు. లోపల పురుగు ఒళ్లు కరిగీసి దోమ ఒళ్లు కట్టుకుంటాది. ఊపిరి గొట్టాలు ఇప్పుడు తోక దగ్గర కాదు, వీపు మీద రెండు. తినకపోయినా కదలకుండా ఉండదు, నీడ పడితే చాలు గిర్రున దొర్లి కిందకి పోద్ది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, బీటీఐ అని ఒక బ్యాక్టీరియా మందు వేస్తారు నీళ్లలో, చాలా మంచి మందు, చేపలకీ మనకీ హాని లేదు, కానీ అది పురుగు తింటేనే పనిచేస్తాది. ప్యూపా తినదు కాబట్టి దాని మీద పనిచెయ్యదు. మందు వేసిన మర్నాడు కూడా దోమలొచ్చాయని గొడవ పడతారు జనం, మందు దొంగదని తిడతారు, మందు దొంగది కాదండి, అప్పటికే ప్యూపా అయిపోయినవి బయటికొచ్చాయి.

ఇంకోటి, ప్యూపాల్లో పెద్దవీ చిన్నవీ ఉన్నాయి చూడండి. ఏడిస్‌లో చిన్నవి మగవి, పెద్దవి ఆడవి, చాలా వరకూ. ల్యాబుల్లో మగ దోమల్ని విడదీయాలంటే ఈ సైజు తేడాతోనే జల్లించీస్తారు.

రెండో రోజుకి ప్యూపా నీటి పైకొచ్చి ఆగుతాది, వీపు నిట్టనిలువుగా చీలుతాది, లోపల్నుంచి దోమ మెల్లగా నిలబడి లేస్తాది, తను విడిచిన ఆ తొక్క మీదే నిలబడి రెక్కలు ఆరబెట్టుకుంటాది. ఆ కొన్ని నిమిషాలూ దానికి చాలా గండం. గాలికి నీరు అల్లాడినా తడిసి మునిగిపోద్ది. వంశధార మధ్యలో, నాగావళి మధ్యలో దోమ పుట్టదు, అంచున నిలవ నీటిలో పుడతాది, దానికిదే ఒక కారణం.

గుడ్డు పగిలిన దగ్గర నుంచి రెక్కల దాకా మన వానాకాలంలో ఏడెనిమిది రోజులు, అంతే. శుక్రవారం డ్రై డే అని ఆశా కార్యకర్తలు వచ్చి నీళ్లు వంపించమంటారు కదా, నవ్వుకుంటారు కొంతమంది, శుక్రవారానికీ దోమకీ ఏటి సంబంధమని. శుక్రవారం కాదు సంగతి, వారం. వారానికోసారి ఖాళీ చేసి రుద్దితే ఏ పురుగూ రెక్కల దాకా రాదు. పది రోజులకోసారి చేశారంటే ఒక కాన్పు ఎగిరిపోయినట్టే.

ఇప్పుడు అసలు ప్రశ్నకొచ్చీసాం. మగవి ముందు బయటికొస్తాయి, ఆడవాటికన్నా ఒక రోజు ముందు. వచ్చీగానే మగది సంసారానికి పనికిరాదు, దాని జననాంగం తిరగబడి సగం చుట్టు తిరగాలి, అందుకు ఒక రోజు పడతాది. ఆ లోపల ఆడవి వచ్చీసరికి ఇవి సిద్ధంగా ఉంటాయి. మగదాని మీసాలు ఈకల్లాగ గుబురుగా ఉంటాయి, భూతద్దం అక్కర్లేదు, వెలుతుర్లో పెట్టి చూస్తే తెలుస్తాది. ఆ గుబురే దాని చెవి. ఆడదాని రెక్కల రొద సెకనుకి నాలుగైదు వందల సార్లు, ఆ రొద వింటే పరిగెత్తుకొచ్చీస్తాది. అమెరికాలో 1878లో హైరమ్ మాక్సిమ్ అని ఒకాయన, మర తుపాకీ కనిపెట్టినాయన, కరెంటు దీపాలు బిగిస్తే అందులో ఒక పెట్టి గుయ్యిమని రొద చేస్తంటే దాని చుట్టూ దోమలు మూగాయంట, చూస్తే అన్నీ మగవే. పాపం దాన్ని పెళ్లికూతురనుకున్నాయి.

(నవ్వులు)

ఆడది బతుక్కి ఒక్కసారే కలుస్తాది, చాలా వరకూ. ఆ వీర్యం కడుపులో చిన్న సంచుల్లో దాచుకుని చచ్చిపోయే దాకా అన్ని కాన్పులకీ వాడుకుంటాది.

తిండి సంగతి. మగదీ ఆడదీ రెండూ పూల తేనె తాగుతాయి, పళ్ల రసం తాగుతాయి. ఎగరడానికి కావలసిన శక్తంతా ఆ చక్కెరే. మనం అనుకుంటాం దోమ తిండి రక్తం అని, కాదండి. ఆడ దోమ రక్తం లేకుండా చక్కెర నీళ్ల మీద వారాల తరబడి బతకగలదు, ల్యాబులో అలగే పెంచుతారు. కానీ గుడ్డు పెట్టలేదు. గుడ్డులో పచ్చసొన నిండా ప్రోటీను, పూల తేనెలో ప్రోటీను లేనట్టే. ఇందాకా చెప్పాను కదా, చిన్నప్పుడు పాచి తిని పెరిగింది, ఒంట్లో నిల్వల్లేవు, అలాంటప్పుడు వంద గుడ్లకి సొన ఎక్కణ్ణించి తేవాలి? ఎవరి ఒంట్లోంచో తేవాలి. మగదానికి గుడ్లు లేవు, అవసరం లేదు, అవసరం లేదు కాబట్టి పనిముట్లూ లేవు. చర్మం కోసే సూదులు మగదానికి కురచగా, బలహీనంగా ఉండిపోయాయి. మగ దోమ మీద జాలి పడి కుట్టక మానీడం లేదు, కుట్టలేదు.

ఇది నిజమా, ఊరికే చెప్తున్నానా అని మీరు అడగొచ్చు. దానికో సాక్ష్యం ఉంది. టాక్సోరింకైటిస్ అని ఒక పెద్ద దోమ ఉంది, అడవుల్లో చెట్టు తొర్రల్లో నీళ్లలో పెరుగుతాది, మన దేశంలోనూ ఉంది. దాని లార్వా పాచి తినదు, తోటి దోమల లార్వాల్ని పట్టుకు తినీస్తాది. మాంసం తిని పెరిగింది కాబట్టి ఒంట్లో ప్రోటీను దండిగా నిల్వ ఉంటాది. పెద్దయ్యాక ఆ దోమలో ఆడది కూడా ఎవర్నీ కుట్టదు, పూల తేనె తాగి గుడ్లు పెట్టీస్తాది. అంటే కుట్టడం ఆడతనంలో లేదు, సొన కోసం లోటు పడ్డదానిలో ఉంది. క్యూలెక్స్ జాతుల్లో కూడా కొన్ని మొదటి కాన్పు రక్తం లేకుండానే వెళ్లదీసీస్తాయి, చిన్నప్పుడు దాచింది ఖర్చుపెట్టి. రెండో కాన్పుకి మటుకు రక్తం కావాలి.

(ఒకావిడ: మరి మనల్నెలగ కనిపెడతాదండి, చీకట్లో?)

మంచి ప్రశ్నమ్మా. మనం వదిలే ఊపిరే పట్టిస్తాది. ఊపిరిలో కార్బన్ డయాక్సైడు గాలివాటుకి పోతా ఉంటే దోమ మూతి పక్కన రెండు పొట్టి మీసాలుంటాయి, వాటితో పసిగడతాది, పదుల మీటర్ల దూరం నుంచే. ఆ తీగ పట్టుకుని దగ్గరికొచ్చాక ఒంటి వాసన, చెమటలో లాక్టిక్ ఆమ్లం, ఆ తరవాత ఒంటి వేడి. పడుకున్నప్పుడు చెవి దగ్గరే ఎందుకు రొద పెడతాదంటే, ఊపిరి వచ్చీది మొహం దగ్గర్నుంచే కదా.

వాలాక ఏం చేస్తాదో చెప్తాను. పైకి కనిపించే తొండం అసలు సూది కాదు, అది ఒర మాత్రమే. దానిలో ఆరు సన్నటి ముక్కలుంటాయి. కుట్టినప్పుడు ఒర వెనక్కి వంగిపోద్ది, ఆరు ముక్కలే చర్మంలోకి దిగుతాయి. అందులో రంపపు పళ్లున్నవి కోసుకుంటూ దిగుతాయి, ఒకటి గొట్టం, రక్తం పీల్చడానికి, ఇంకోటి సన్న కాలవ, దాంట్లోంచి ఉమ్ము వదుల్తాది. ఉమ్ము ఎందుకంటే, మన రక్తం గాయమైతే గడ్డ కట్టాలి కదా, కట్టకుండా, రక్తనాళం ముడుచుకోకుండా ఉండడానికి. దురద పుట్టించీది ఆ ఉమ్మే, సూది కాదు. డెంగ్యూ, మలేరియా మన ఒంట్లోకి దిగీది కూడా ఆ ఉమ్ము కాలవలోంచే, పీల్చే గొట్టంలోంచి కాదు. అందుకే ఎయిడ్స్ లాంటివి దోమలతో రావు. తాగిన రక్తం వెనక్కి మనలోకి కక్కదు.

రెండు మూడు నిమిషాల్లో రెండు మూడు మిల్లీగ్రాముల రక్తం తాగుతాది. తక్కువనుకుంటున్నారా, దాని ఒంటి బరువే అంత. అనాఫిలిస్ అయితే తాగుతూ తాగుతూనే వెనక నుంచి ఎర్రటి నీటి బొట్లు వదిలీస్తాది, గుడ్డలో పెరుగు మూటగట్టి నీరు వడగొట్టీసినట్టు, నీరు పోయి గట్టి సరుకు కడుపులో మిగులుతాది. కడుపు నిండిందని చెప్పీ నరం ఒకటుంది, ల్యాబులో ఆ నరం కోసీస్తే ఆగడం తెలీక పొట్ట పగిలే దాకా తాగుతాది, ఇది 1960ల్లో చేసి చూశారు.

తాగాక ఎగరలేదండి బాగా. బరువైపోయి దగ్గర్లో ఏ గోడ మీదో, మంచం కిందో, తగిలించిన చొక్కాల వెనకో వాలి కూర్చుంటాది. ఇళ్లల్లో గోడలకి మందు కొట్టీది అందుకే, ఎగిరే దోమని కొట్టడానికి కాదు, తాగి గోడ మీద వాలినదాన్ని పట్టడానికి. మీరు కూడా పొద్దున్నే గోడ మీద దోమని చూస్తే పొట్ట చూడండి. ఎర్రగా ఉంటే రాత్రే తాగింది. నల్లగా, సగం తెల్లగా ఉంటే నిన్నటిదో మొన్నటిదో, రక్తం అరుగుతా గుడ్లు పెరుగుతన్నాయి. మొత్తం పాలిపోయి పొట్ట ఉబ్బుంటే ఈవేళో రేపో పెట్టీస్తాది. లోపలేం జరుగుతాదంటే, రక్తంలో ప్రోటీను ముక్కలైపోయి అమైనో ఆమ్లాలవుతాయి, అవి అందాయన్న కబురు అందగానే దోమ కొవ్వు కణజాలం సొన ప్రోటీను తయారు చెయ్యడం మొదలెడతాది, అది గుడ్లలోకి చేరతాది. మూడు రోజుల్లో కాన్పు. పెట్టీగానే మళ్లీ ఆకలి, అంటే గుడ్ల ఆకలి, మళ్లీ రక్తం.

ఇక్కడ ఆగి ఒక లెక్క వెయ్యాలి, నాకు ఈ కథంతటిలో ఇష్టమైన ముక్క ఇదే. ఒక ఏడిస్ ఆదివారం రెక్కలు కట్టుకుందనుకోండి. మంగళవారం మొదటిసారి కుట్టింది, కుట్టించుకున్నాయన డెంగ్యూ జ్వరంతో ఉన్నాడు. వైరస్సు దోమ కడుపులోకి పోయింది. ఇప్పుడు బుధవారం పక్కింటాయన్ని కుడితే ఆయనకి డెంగ్యూ వస్తాదా? రాదు. వైరస్సు కడుపు గోడ దాటాలి, ఒళ్లంతా పాకాలి, ఆఖరికి ఉమ్ము గ్రంథుల్లో చేరాలి. ఎనిమిది నుంచి పన్నెండు రోజులు పడతాది. ఈ లోపల అది శుక్రవారం ఒక కాన్పు పెట్టింది, శనివారం మళ్లీ కుట్టింది, ఆ మంగళవారం రెండో కాన్పు, మళ్లీ కుట్టింది, ఆ శనివారం మూడో కాన్పు. ఆ చుట్టుపక్కల ఎప్పటికో ఉమ్ములో వైరస్సు సిద్ధమైంది, అక్కణ్ణించి చచ్చిపోయే దాకా కుట్టిన ప్రతివాడికీ ఇస్తాది. ఒక్కసారి కుట్టి గుడ్లు పెట్టి చచ్చిపోయే జీవమైతే దోమ వల్ల మనకి ఒక్క జబ్బూ రాదండి. మళ్లీ మళ్లీ కాన్పులు, మళ్లీ మళ్లీ రక్తం, అందువల్లే వస్తాది. పైగా ఏడిస్ బెదురు ఎక్కువది, మనం చెయ్యి కదిపితే సగం తాగి లేచిపోయి పక్కవాణ్ణి కుడతాది, అందుకే ఒకే ఇంట్లో ముగ్గురు నలుగురు ఒకేసారి పడిపోతుంటారు.

మలేరియా కూడా అలగే, మన వేడికి పది పన్నెండు రోజులు దోమలో పెరగాలి. రొనాల్డ్ రాస్ సికింద్రాబాదులో 1897 ఆగస్టు 20న అనాఫిలిస్ కడుపు గోడ మీద మలేరియా క్రిమిని చూశాడని చదువుకున్నాం కదా, ఆయన చేసిన తెలివైన పనేటంటే, పట్టుకొచ్చిన దోమల్ని కాకుండా లార్వాల నుంచి తనే పెంచిన దోమలతో రోగిని కుట్టించి, తరవాత కొన్ని రోజులు ఆగి కోసి చూశాడు. వెంటనే కోస్తే ఏమీ దొరకదు.

అంటే ప్రమాదమల్లా ముసలి దోమతోనే. కుర్ర దోమలు ఎన్ని కుట్టినా దురదే. దీన్ని 1950ల్లో జార్జ్ మెక్‌డొనాల్డ్ అని ఒక బ్రిటిష్ మలేరియా శాస్త్రవేత్త లెక్కలు కట్టి చూపించాడు. మనం చిన్న లెక్క వేద్దాం. వంద దోమలు, రోజుకి నూటికి పది చచ్చిపోతన్నాయనుకుందాం. 12 రోజులకి ఇరవై ఎనిమిది మిగుల్తాయి. ఇప్పుడు దోమతెరలు, గోడ మందు పెట్టి ఆ చావు నూటికి ఇరవై చేశాం, రెండింతలే. 12 రోజులకి ఎన్ని మిగుల్తాయి? ఏడు. చావు రెండింతలైతే ప్రమాదకరమైనవి నాలుగో వంతుకి పడిపోయాయి. మందు కొట్టినా దోమలు కనపడతనే ఉన్నాయి, ఏం లాభం అంటారు జనం, కనపడేవి ఎన్నని కాదు, పన్నెండు రోజులు దాటినవి ఎన్నని చూడాలి.

అది ఎలగ తెలుస్తాదంటారా? తత్యానా డెటినోవా అని రష్యా ఆవిడ ఒక ఉపాయం చెప్పింది. దోమ అండాశయం తీసి స్లైడు మీద నీటి బొట్టులో ఆరబెట్టి మైక్రోస్కోపు కింద చూడాలి. ఎప్పుడూ గుడ్లు పెట్టనిదానికి అండాశయం మీద సన్న గాలి గొట్టాల చివర్లు చుట్టలు చుట్టుకుని ఉంటాయి, నల్లటి ముళ్లు పడినట్టు. ఒక్కసారి గుడ్లు ఉబ్బితే ఆ చుట్టలు సాగిపోతాయి, మళ్లీ చుట్టుకోవు. నేను చదువుకునే రోజుల్లో ఇది చెయ్యడానికి చాలా తిప్పలు పడ్డాను, వేలు కొంచెం ఎక్కువ నొక్కితే అండాశయం ముద్దైపోద్ది, కానీ దొరికితే మటుకు ఆ చుట్టలు అద్దినట్టు కనపడతాయి. మందు కొట్టిన ఊళ్లో పట్టిన దోమల్లో చుట్టలున్నవి ఎక్కువైతే మందు పనిచేస్తందన్నమాట.

ఇంక ప్రశ్నలు అడగండి.

(ఒక పెద్దాయన: మా చిన్నప్పుడు రాత్రి పది దాటాక లేపి వేలు పొడిచి రక్తం తీసీవారు, బోదకాలుకని. పగలు తియ్యొచ్చు కదా?)

పగలు తీస్తే దొరకదు బాబూ. మన జిల్లా ఫైలేరియా ఉన్న జిల్లాయే, మీకు తెలుసు. ఆ పురుగు పిల్లలు పగలు ఊపిరితిత్తుల రక్తనాళాల్లో దాక్కుని, రాత్రి పది నుంచి రెండు మధ్యన ఒంటి పైపైన రక్తంలోకి వస్తాయి. ఎందుకా టైము? దాన్ని మోసే క్యూలెక్స్ కుట్టీది ఆ టైములోనే కాబట్టి. ఆడ దోమ రాత్రి కాన్పు రక్తం కోసం ఎప్పుడు వస్తాదో ఆ పురుగు దానికి టైము పెట్టుకుంది. దోమలో వాటికీ పది పన్నెండు రోజులు పడతాది. డెంగ్యూలా ఒక్క కాటుతో రాదు గానీ, ఏళ్ల తరబడి చాలా కాట్లు పడాలి.

(అబ్బాయి: మాస్టారూ, చేపలేస్తే సరిపోదా?)

నూతుల్లో, పెద్ద తొట్టెల్లో గంబూసియా చేపలు వేస్తే లార్వాల్ని బాగా తింటాయి. గోలెంలో, కొబ్బరి చిప్పలో చేప వెయ్యలేం కదా, అక్కడ పీచే గతి. చెరువుల్లో వదిలీకండి, ఊరి చేప పిల్లల్నీ గుడ్లనీ తినీస్తాయి.

(ఒకమ్మాయి: అందరం ఒకే గదిలో పడుకున్నా నన్నే ఎక్కువ కుడతాయి, నా రక్తం తియ్యననీ?)

తీపి గీపి ఏం లేదు తల్లీ, కుట్టక ముందు దానికి రక్తం రుచి తెలీదు కదా. ఒంటి వాసన మనిషికీ మనిషికీ తేడా ఉంటాది, చర్మం మీద బతికే బ్యాక్టీరియా వల్ల. ఎక్కువ ఊపిరి వదిలీవాళ్లని ఎక్కువ పసిగడతాది, పెద్ద ఒళ్లున్నవాళ్లని చిన్నపిల్లల కన్నా. ముదురు రంగు బట్టలు కూడా కొన్ని రకాలకి ఇష్టం. ఆఫ్రికాలో గాంబియా దేశంలో పరిశీలించి చూస్తే గర్భిణీల దగ్గరికి మామూలు ఆడవాళ్ల కన్నా రెండింతలు అనాఫిలిస్‌లు వచ్చాయి, ఊపిరి ఎక్కువ, పొట్ట దగ్గర వేడి కొంచెం ఎక్కువ. వాళ్లకి మలేరియా వస్తే బిడ్డకీ దెబ్బే, అందుకని కొండ ఊళ్లలో దోమతెరలు పంచినప్పుడు ముందు వాళ్లకిస్తారు. మీ ఇంట్లో ఒక్క తెరే ఉంటే అలగే చెయ్యండి.